కత్తిరించని తొంభై సెకన్లు

ఆ వారమంతా పొదుపక్క కాలు కాలిన పిల్లిలా తిరిగింది. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలోకి వెళ్లేది. అక్కడ బట్టలు సగం ఆరేసి, ఫోను చూసుకోవడానికి మళ్లీ లోపలికి వచ్చేది. పాలు పొంగిన వాసనకు అత్తగారే లేచివెళ్లి స్టవ్ కట్టేసేది. "అమ్మాయ్, ఒక్కచోట కూర్చోవే తల్లీ. నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని ఆవిడ అంటే సరేనని కూర్చునేది. కూర్చున్నచోటే కాలు ఆడించేది.

ఇంత అలజడికీ కారణం ఒక ఈమెయిలు. విదేశాల్లో కృత్రిమ కాళ్లు, చేతులు తయారుచేసే సంస్థలకు పనివాళ్లను చూసిపెట్టే ఏజెన్సీ ఒకటి ఆమెకు రాసింది. దరఖాస్తు బాగుంది, అనుభవం బాగుంది, ఇక ఇంగ్లీషులో తొంభై సెకన్ల స్వపరిచయం వీడియో పంపాలి. అది చూసి నచ్చిన కంపెనీ ఇంటర్వ్యూకి పిలుస్తుంది.

పొదుపక్క అన్నది ఆమె అసలు పేరు కాదు. వర్క్‌షాపులో తోటివాళ్లు పెట్టింది. మాటలు ఆచితూచి వాడుతుందని ఆ పేరు. "అక్క చేత నాలుగు మాటలు అనిపించాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి" అని వాళ్లు నవ్వితే ఆమె కూడా నవ్వేది. నిజానికి ఆమెకు మాటలంటే పొదుపు లేదు. బోలెడు మాట్లాడాలని ఉండేది. ఆమెకు నత్తి.

నత్తి అనగానే మనకు తోచే రకం కాదది. ఒకే అక్షరం పదిసార్లు పలకడం కాదు. మాట మొదట్లోనే గొంతు బిగుసుకుపోతుంది. ముఖ్యంగా "ప" దగ్గర. పెదవులు కలుస్తాయి, ఇక విడిపోవు. చప్పుడు రాదు, గాలి రాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనాలి. బెంచీలో నిలబడి ఉండగానే టీచరు గైర్హాజరు వేసేసి తరువాతి పేరుకు వెళ్లిపోయేది. కొట్టుకు పెన్సిల్ కోసం వెళ్లి రబ్బరు కొనుక్కొచ్చిన రోజులున్నాయి. ఆ ఇబ్బందిలోంచే ఆమె ఒక విద్య నేర్చుకుంది. ముందున్న మాట కష్టమైనదని రెండడుగుల దూరంలోనే పసిగట్టి, పక్కసందులోంచి వెళ్లిపోవడం. "పేషెంట్" అనకుండా "వచ్చినాయన", "పొద్దున" అనకుండా "ఉదయం". అది దొరక్కపోతే దగ్గు, లేదా నవ్వు. అదీ కుదరకపోతే మౌనం. ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి అందులో ఎంత ఆరితేరిందంటే, భర్తకూ అత్తగారికీ తప్ప ఆమెకు నత్తి ఉందన్న సంగతి ఎవరికీ తెలియదు.

ఇంటర్ అయ్యాక చదివిన కోర్సులో అందరూ ఆసుపత్రుల వైపు వెళితే ఈమె వర్క్‌షాపు ఎంచుకున్నదీ అందుకే. గోడవారగా పనిబల్లలు, ప్లాస్టర్ దుమ్ము, సానపట్టే యంత్రం హోరు. ఆ హోరులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కాలు పోయినవాళ్లు వస్తారు. మిగిలిన భాగానికి ప్లాస్టర్ కట్టు చుట్టి అచ్చు తీయాలి. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి దిమ్మ చేయాలి. బరువు మోయగలిగిన చోట ఆ దిమ్మను అరగదీసి, ఎముక తగిలే చోట కాస్త ప్లాస్టర్ పెంచి, వేడిచేసి మెత్తబరిచిన ప్లాస్టిక్ షీటును దాని మీద పరిచి గాలి లాగేస్తే సాకెట్ తయారవుతుంది. కాలు కూర్చునే తొడుగు అన్నమాట. మాట దాచుకోవడానికి వచ్చి చేరింది కానీ, పదకొండేళ్లలో ఆ పని ఆమెకు ప్రాణమైపోయింది. అయితే అక్కడ నేర్చుకోవలసినదంతా నేర్చేసుకుంది. బయటి దేశాల్లో కాలిని స్కాన్ చేసి కంప్యూటరు మీదే సాకెట్ గీస్తున్నారని వీడియోల్లో చూసిన దగ్గర్నుంచి ఆమెకు కాలు నిలవలేదు.

ఆమె దరఖాస్తును ఏజెన్సీకి పంపిన ఉద్యోగాల శిక్షణ కేంద్రం బజారు వీధిలో మందుల షాపు మీద ఉండేది. అక్కడి శిక్షకురాలు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని, ఫోనులో స్టాప్‌వాచీ ఆన్ చేసి క్లాసు చెప్పే మనిషి.

"తొంభై సెకన్లంటే నూట ఎనభై మాటలు. అంతకుమించి రాస్తే పరిగెత్తాలి, పరిగెత్తితే అవతలివాళ్లకు అర్థం కాదు. మొదటి పదిహేను సెకన్లలో పేరు, వృత్తి, ఎన్నేళ్ల అనుభవం. తరువాత మీరు చేసే పని. తరువాత మీరు చేసిన ఒక్క మంచి పని, ఒక్కటే, వివరంగా. ఆ తరువాత ఈ కంపెనీయే ఎందుకు. చివర ఎప్పుడు రాగలరు, భాష ఎంత వచ్చు. వయసు, పెళ్లి, పిల్లలు, కులగోత్రాలు చెప్పొద్దు. వాళ్లకవి అక్కర్లేదు. కష్టపడి పనిచేస్తాను అని కూడా చెప్పొద్దు. బద్ధకస్తుణ్ని అని ఎవడైనా చెప్పుకుంటాడా?"

పొదుపక్క స్క్రిప్టు రాసి కాగితం చేతికిచ్చింది. చదివి వినిపించమంటే గొంతు బాగాలేదని సైగ చేసింది. శిక్షకురాలు కళ్లజోడు దించుకుని చదివింది.

"బాగా రాశారండీ. కానీ ఇదేమిటి, 'కృత్రిమ అవయవాలు చేసే పనిమనిషిని' అని? ప్రోస్థెటిక్ టెక్నీషియన్ అనాలి కదా. కంపెనీవాళ్లు మొదట వినేది ఆ మాట కోసమే. ఇక్కడ 'తెల్లపొడి అచ్చు' ఏమిటి? ప్లాస్టర్ అనండి. 'ఒక రకం షీటు' కాదు, పాలీప్రొపిలీన్. 'వచ్చినవాళ్లు' కాదు, పేషెంట్లు. మీ వృత్తి మాటలు మీరే వాడకపోతే పని వచ్చని ఎలా నమ్ముతారు?"

ఎర్ర కలంతో దిద్దిన కాగితం తీసుకుని పొదుపక్క మెట్లు దిగింది. ప్రోస్థెటిక్, ప్లాస్టర్, పాలీప్రొపిలీన్, పేషెంట్. వీటికి ముందు ఆమె పేరు. అది కూడా "ప" తోనే మొదలవుతుంది. పేరుకు మారుపేరు చెప్పడానికి కూడా లేదు. ముప్పై ఆరేళ్లుగా వెతికిపెట్టుకున్న పక్కసందులన్నీ మూసేసి, నడిరోడ్డున నడవమన్నట్టుంది.

భర్త వీడియో ఎడిటర్. స్కూలు వార్షికోత్సవాలు, దుకాణాల ప్రకటనలు, ఇళ్ల అమ్మకాల వీడియోలు అతని పని. ఆదివారం ఉదయం కిటికీకి ఎదురుగా ఆమెను కూర్చోబెట్టాడు, వెలుగు ముఖం మీద పడేలా. వెనుక ఏమీ లేని గోడ. ఫోను స్టాండుకు బిగించి, కెమెరాను ఆమె కళ్ల ఎత్తుకు తెచ్చి, చిన్న మైకు కాలరుకు తగిలించాడు. "కాగితం చూసి చదవకు. కళ్లు అటూ ఇటూ పోతే తెలిసిపోతుంది. కెమెరా కన్నులోకి చూడు, నన్ను చూస్తున్నట్టు" అన్నాడు.

మొదటిసారి పేరు దగ్గరే ఆగిపోయింది. రెండోసారి పేరు దాటింది, వృత్తి దగ్గర ఆగింది. మూడోసారి అన్నీ దాటి చివరికి చేరేసరికి దాదాపు మూడు నిమిషాలైంది. అతను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "ఫర్వాలేదు, ఇంకొకటి" అంటూనే ఉన్నాడు. ఆ ఓర్పు ఆమెకు మరింత కంగారు పుట్టించింది. లేచి నీళ్లు తాగింది, మళ్లీ కూర్చుంది, జడ విప్పి మళ్లీ వేసుకుంది. మధ్యాహ్నానికి వెలుగు తిరిగిపోయింది. ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

"ఇక చాలు. ఉన్నదానితో నేను చూసుకుంటాగా" అన్నాడు భర్త. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చీకటి పడే వేళకు పిలిచి చూపించాడు.

తెర మీద ఒక ఆడమనిషి గడగడా మాట్లాడుతోంది. పేరు చెప్పింది, వృత్తి చెప్పింది. ప్లాస్టర్ అన్నచోట ప్లాస్టర్ దిద్దుతున్న చేతులు కనిపించాయి. పాలీప్రొపిలీన్ అన్నచోట షీటును వేడిచేసే దృశ్యం. ఎప్పుడో వర్క్‌షాపులో సరదాగా తీసిన వీడియోల్లోంచి ఏరి, అతుకు పడిన ప్రతిచోటా కప్పేశాడు. మాట ఆగిన జాడ ఎక్కడా లేదు. సరిగ్గా తొంభై సెకన్లలోపే ముగిసింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఆశగా.

బాగుంది. ఎంత బాగుందంటే, ఆమె దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది. అలా మాట్లాడితే ఎలా ఉంటుందో అని చిన్నప్పటి నుంచి అనుకుంటున్న మనిషి అచ్చంగా తన ముఖంతోనే అక్కడుంది. చూసినకొద్దీ ముచ్చటేసింది, చూసినకొద్దీ భయమేసింది. "ఇంటర్వ్యూలో ఎలా?" అని అడిగింది. "ముందు పిలవనీ. అప్పటికి చూసుకుందాం" అన్నాడతను. వీడియో వెళ్లిపోయింది.

పిలుపు అనుకున్నదానికంటే తొందరగా వచ్చింది. ఒక పెద్ద సంస్థ నుంచి ఇద్దరు వీడియో కాల్‌లో మాట్లాడతారు. ఆ రోజు వర్క్‌షాపుకు సెలవు పెట్టి, అదే గోడ ముందు, అదే చొక్కాతో కూర్చుంది. తెర మీద నెరిసిన పొట్టి జుట్టు ఆవిడ, పక్కన గడ్డమాయన. ఇద్దరూ నవ్వుతూ పలకరించారు. ఆమె వీడియో చాలా నచ్చిందన్నారు. "ముందు మీ పేరు, మీ పని మీ మాటల్లో చెప్పండి" అంది ఆవిడ.

పొదుపక్క పెదవులు కలిశాయి.

అవతల ఇద్దరూ కాసేపు నవ్వుముఖాలతోనే ఎదురుచూశారు. తరువాత ఆవిడ తెరకు దగ్గరగా వంగింది. "మీ బొమ్మ ఆగిపోయినట్టుంది. మా మాట వినిపిస్తోందా?"

బొమ్మ ఆగిపోలేదు. ఆమె ఆగిపోయింది. మాట బిగుసుకున్నప్పుడు ఒళ్లు కూడా కదలదు. రెప్ప వేయదు, తల ఊపదు. అవతలివాళ్లకు నెట్ తెగిన తెరకూ ఆమెకూ తేడా కనిపించలేదు. చివరికి ఎలాగో "వినిపిస్తోంది" అంది. "హమ్మయ్య, మళ్లీ చెప్పండి" అన్నారు. మళ్లీ పేరు. మళ్లీ అదే.

పక్కగదిలో తలుపుకు చెవి ఆనించి నిలబడ్డ భర్తకు "ఆగిపోయినట్టుంది, వినిపిస్తోందా" అన్న మాటలే అందాయి. పాపం, నిజంగానే నెట్ పోయిందనుకున్నాడు. ఒక్క ఉరుకున వెళ్లి రౌటరు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. దాంతో ఉన్న కాల్ కాస్తా నిజంగానే తెగిపోయింది. నెట్ తిరిగొచ్చి, లింకు మళ్లీ కలిసేసరికి అవతల గడ్డమాయన ఒక్కడే ఉన్నాడు. మర్యాదగా, తరువాత రాస్తామని చెప్పి వెళ్లిపోయాడు.

"రౌటరు ఎందుకు తీసేశారండీ?" అంది పొదుపక్క. గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మర్నాడు శిక్షకురాలి నుంచి ఫోను, వెంటనే రమ్మని. మెట్లెక్కి వెళ్లేసరికి ఆవిడ కళ్లజోడు నెత్తిన లేదు, ముక్కు మీద ఉంది.

"కూర్చోండి. ఏజెన్సీ నుంచి మెయిలు వచ్చింది. వీడియోలో మాట్లాడిన గొంతూ, కాల్‌లో విన్న గొంతూ ఒకటి కాదేమోనని వాళ్ల అనుమానం. ఎవరి చేతో మాట్లాడించి, లేదా ఏదో యాప్‌తో గొంతు చేయించి అతికించారని. ఇలాంటివి ఈమధ్య చాలా పట్టుకున్నారట. ఒక్కరిని పట్టుకుంటే ఈ సెంటరు నుంచి వెళ్లిన అందరినీ పక్కన పెడతారండీ. మిగతా పిల్లల సంగతేమిటి? నేను మీకేం తక్కువ చేశాను?"

పొదుపక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గొంతు తనదే. ప్రతి మాటా తనే మాట్లాడింది. అది చెప్పాలంటే మిగతాది చెప్పాలి. లేచి కిటికీ దాకా వెళ్లింది, తిరిగొచ్చింది, కుర్చీ వెనుక నిలబడి దాని వీపు పట్టుకుంది. చెప్పవలసింది రెండు మాటలు. వాటిలో "ప" లేదు. అయినా అంత కష్టమైన మాటలు ఆమె జన్మలో పలకలేదు.

"నాకు నత్తి."

శిక్షకురాలు అర్థం కానట్టు చూసింది. "మీకా? ఇన్నాళ్లూ నాతో మాట్లాడారు కదా, ఒక్కసారి కూడా..."

"మాట్లాడలేదు మేడమ్. తప్పించుకున్నాను." ఆ తరువాత పక్కసందులు వెతకలేదు. ఆగినచోట ఆగి, వచ్చినప్పుడు చెబుతూ, భర్త ముక్కలు కత్తిరించి అతికించిన సంగతి, కాల్‌లో జరిగిన సంగతి అంతా చెప్పింది. పేరు కూడా చెప్పింది. దానికే చాలాసేపు పట్టింది. శిక్షకురాలు మధ్యలో మాట అందివ్వబోయి, తనంతట తానే ఊరుకుంది.

అంతా విన్నాక ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏజెన్సీకి నేను రాస్తాను. అసలు వీడియో ఉందా మీ దగ్గర, కత్తిరించనిది? అది పంపితే గొంతు మీదేనని తేలిపోతుంది. కానీ ముందు మీరు చూడండి. ఎవరికి ఏమి చూపించాలో తేల్చుకోవాల్సింది మీరే."

ఇంటికొచ్చి భర్తను అడిగింది. "తీసేసిన ముక్కలున్నాయా?"

"ఎందుకిప్పుడు?"

"చూడాలి."

"వద్దు. అవి చూస్తే నీకు బాధగా ఉంటుంది. నీ కోసమేగా తీసేశాను."

"నా కోసమే. నన్ను అడిగారా?"

 కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ క్షణాన ఇద్దరికీ గుర్తొచ్చే ఉంటుంది, ఇద్దరూ అనలేదు. అతను హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, తీసేసిన ముక్కలన్నీ వరుసగా పేర్చి నడిపించాడు.

తన మాట ఆగినప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో పొదుపక్క అప్పటివరకు చూడలేదు. అద్దం ముందు ఒంటరిగా మాట్లాడితే మాట ఎప్పుడూ ఆగేది కాదు మరి. ఆ ముఖం భయంకరంగా ఉంటుందనీ, కళ్లు తేలేసి, నోరు వంకరపోయి, చూసినవాళ్లు దడుచుకునేలా ఉంటుందనీ ఆమె లోపల ఒక బొమ్మ ఉండేది. దాన్ని మోస్తూనే ఇన్నేళ్లు బతికింది. తెర మీద పెదవులు బిగించిన ఒక ఆడమనిషి కనిపించింది. గడ్డం కొంచెం పైకి లేచింది. కనుబొమలు కలిశాయి. అంతే. ఒకదాని తరువాత ఒకటి, అదే ముఖం, అదే ఎదురుచూపు.

వెనుక నుంచి అత్తగారు ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. "ఇంతేనా?" అంది ఆవిడ. "తుమ్ము రాబోయి ఆగినట్టుంది. దీనికేనా మీరిద్దరూ అన్నం మానేశారు?"

ముందు భర్తకు నవ్వొచ్చింది, దాచుకోబోయాడు. పొదుపక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆవిడకు మాత్రం తనేమంత హాస్యమాడిందో అర్థం కాలేదు.

అయినా నవ్వుతో తీరిపోయే వ్యవహారం కాదది. కొత్త స్క్రిప్టు రాయాలి. ఆ నాలుగైదు రోజులూ ఆమె మళ్లీ నిలబడితే కూర్చోలేదు, కూర్చుంటే నిలబడలేదు. బస్సులో రాసింది, పనిబల్ల మీద ప్లాస్టర్ దుమ్ములో వేలితో రాసి చెరిపింది. నత్తి సంగతి చెప్పాలా వద్దా అన్నది తేలిపోయింది. ఎక్కడ చెప్పాలన్నదే చిక్కు.

"చివర్లో పెట్టండి" అంది శిక్షకురాలు. "ముందు పని చూపించండి. మొదట్లోనే చెబితే మిగతాది వినకుండా మూసేసేవాళ్లుంటారు."

"అసలు చెప్పకు. ఆగితే ఆగావు, వాళ్లకే తెలుస్తుంది" అన్నాడు భర్త.

"చెప్పకపోతే నెట్ పోయిందనుకుంటారు" అంది పొదుపక్క. "చివర్లో చెబితే, అప్పటిదాకా వాళ్లు నా పని వినరు. నాకేమైందోనని చూస్తుంటారు."

అది నిజమేనని శిక్షకురాలు ఒప్పుకుంది. ఇద్దరూ కూర్చుని మాటలు లెక్కపెట్టారు. ఆగే చోట్లకు సమయం వదలాలి కనుక నూట ఎనభై కుదరవు. నూరు దాటితే ఇబ్బందే. తీసేయడం మొదలుపెట్టాక ఒక విచిత్రం జరిగింది. పోయినవాటిలో ఉండదగ్గ మాట ఒక్కటీ లేదు. 'గొప్ప అవకాశం' పోయింది. 'బృందంతో కలిసి పనిచేసే స్వభావం' పోయింది. 'చిన్నప్పటి నుంచీ నా కల' కూడా పోయింది. అది ఎలాగూ అబద్ధమే. "ప" మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు.

సెలవు రోజున మేస్త్రీని అడిగి వర్క్‌షాపు తాళాలు తెచ్చుకున్నారు. నడిపించి చూసే గదిలో, రెండు పక్కలా పట్టుకు నడిచే కమ్మీల ముందు ఆమె నిలబడింది. భర్త స్టాండు సర్దాడు. ఒక్కటే టేక్, అతుకులు లేవు, కప్పిపుచ్చే దృశ్యాలు లేవు. ఎక్కువసార్లు తీయవద్దని ముందే అనుకున్నారు. ఆమె కెమెరా కన్నులోకి చూసి మొదలుపెట్టింది. ఇంగ్లీషులో చెప్పిందానికి తెలుగు ఇంచుమించు ఇది:

"నమస్కారం. నా పేరు..." ఇక్కడ ఆగింది. పేరు వచ్చింది. "నాకు నత్తి ఉంది. మధ్యలో ఆగితే వీడియో ఆగిపోయిందనుకోకండి, మాట వస్తుంది. నేను ప్రోస్థెటిక్ టెక్నీషియన్‌ని. పదకొండేళ్లుగా కాళ్లు తయారుచేస్తున్నాను. ప్లాస్టర్ అచ్చు తీయడం, దిద్దడం, పాలీప్రొపిలీన్ సాకెట్ చేయడం, తొడిగి నడిపించి సరిచేయడం నా పని. కిందటేడు పెయింటింగ్ పనిచేసే ఒక పేషెంటుకు నిచ్చెన ఎక్కినప్పుడల్లా సాకెట్ ఒరుసుకుని పుండు పడేది. ఆయన్ని నిచ్చెన మీదే నిలబెట్టి చూశాను. మోకాలు వంగినప్పుడు సాకెట్ వెనుక అంచు నొక్కుతోంది. అంచు దించి కొత్తది చేశాను. పుండు మళ్లీ రాలేదు. కంప్యూటరు మీద సాకెట్ గీయడం మా దగ్గర లేదు. మీ దగ్గర నేర్చుకోవాలని ఉంది. రెండు నెలల నోటీసుతో రాగలను. మీ భాష మొదలుపెట్టాను. ధన్యవాదాలు."

"పాలీప్రొపిలీన్" దగ్గర చాలాసేపు ఆగింది. భర్త చెయ్యి అలవాటుగా ఫోను వైపు కదిలి ఆగిపోయింది. కమ్మీ మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి, మాట వచ్చింది, ముందుకు సాగింది. చూసుకుంటే తొంభై సెకన్లకు రెండు తక్కువ.

"ఆ ఒక్కచోట..." అన్నాడు భర్త.

"వద్దు."

"కత్తిరిస్తాననలేదు. ఆ ఒక్కచోట నువ్వు కళ్లు మూసుకోలేదు. అది చెబుదామనుకున్నా."

శిక్షకురాలు ఆ వీడియోనూ, పాత వీడియో అసలు ప్రతినీ ఏజెన్సీకి పంపి, జరిగింది దాచకుండా రాసింది. అనుమానం తొలగిందని, వీడియోలు అతికించేటప్పుడు ముందుగా చెప్పాలని వాళ్లు జవాబిచ్చారు. మొదటి సంస్థలో ఆ నెరిసిన జుట్టు ఆవిడ సొంతంగా రెండు ముక్కలు రాసింది. నెట్ అనుకున్నందుకు క్షమించమని, ఆ ఉద్యోగం మాత్రం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశామని. ఏజెన్సీ వీడియోను మరికొన్ని చోట్లకు పంపింది. ఒకచోట నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకొకచోట వీడియో సగం వరకే చూసినట్టు ఏజెన్సీ లెక్కల్లో కనబడింది. పొదుపక్క ఫోను చూడ్డం మానేద్దామనుకుని, చూడ్డం కోసమే మాటిమాటికీ లేచేది.

చివరికి ఒక చిన్న వర్క్‌షాపు పిలిచింది. ఆరుగురు పనిచేసే చోటు. దాని యజమాని తనే మాట్లాడాడు, వెనుక సానపట్టే యంత్రం హోరు వినిపిస్తూనే ఉంది. పేరు అడిగి, కుర్చీలో వెనక్కి వాలి ఊరుకున్నాడు. పేరు వచ్చింది. నిచ్చెన పేషెంటు గురించి అడిగాడు. అంచు ఎంత దించారు, దించితే సాకెట్ వదులు కాలేదా అని తవ్వితవ్వి అడిగాడు. మొదటిసారి వదులైందనీ, లోపల వేసే మెత్తని పొర, లైనరు, మార్చాల్సి వచ్చిందనీ ఆమె ఒప్పుకుంది. ఆ సంభాషణ పావుగంట అనుకున్నది గంట దాకా సాగింది.

వారం తిరిగేసరికి ఉద్యోగ ఉత్తర్వు వచ్చింది, ఏడాది ఒప్పందం మీద. అయితే పని లోపలి బల్ల దగ్గర మాత్రమే. పేషెంట్లను చూసే గదిలో కాదు.

ఇంట్లో అత్తగారు అప్పుడే పక్కింటి వాళ్లందరికీ చెప్పేసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొదుపక్క మాత్రం ఉత్తర్వు పట్టుకుని ముందుగదిలో అటూ ఇటూ నడిచింది. కోరుకున్నది వచ్చింది, సగమే వచ్చింది. మాట దాచుకోవడానికి లోపలి బల్ల ఎంచుకున్న పిల్లకు ఇది వరమే అయి ఉండేది. ఇప్పుడు కాదు.

"ఒప్పేసుకో. వెళ్లాక చూసుకోవచ్చు" అన్నాడు భర్త. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "సరే. అడుగు. అడిగాకే ఒప్పుకో."

ఆమె మెయిలు రాయలేదు. కాల్ చేసింది. నత్తి వల్లనేనా అని సూటిగా అడిగింది. ఆ యజమాని దాచకుండా చెప్పాడు.  కొంత అదీ ఉంది, అంతకంటే తమ భాష ఇంకా రాకపోవడం ఎక్కువ. వయసు పైబడిన పేషెంట్లకు ఇంగ్లీషు తెలియదు. "నాలుగు నెలలు బల్ల దగ్గర చేయండి, భాష తరగతికి మేము పంపుతాం. ఆ తరువాత వారానికి రెండు రోజులు నాతోపాటు ఆ గదిలో ఉండండి. మిగతాది అప్పుడు తేలుతుంది."

"ఆ మాట ఉత్తర్వులో రాయండి" అంది ఆమె. రాశాడు. ఆమె సంతకం చేసింది.

భర్త ఆర్నెల్ల తరువాత వస్తాడని, అత్తగారు కూతురి దగ్గరకు వెళ్తుందని ఇంట్లో తేల్చుకున్నారు. తేల్చుకున్నదాన్ని రోజూ మళ్లీ మొదట్నుంచి తేల్చుకున్నారు. "నువ్వెళ్తే నేనెవరితో మాట్లాడాలే? వీడు చూస్తే చెవులకు ఎప్పుడూ ఆ డొప్పలు తగిలించుకునే ఉంటాడు" అని అత్తగారి గొణుగుడు.

వర్క్‌షాపులో ఆఖరి రోజు పొదుపక్క చేతిలో ఇంకా ఒక కాలు మిగిలిపోయింది. కూరగాయల బండి నడిపే ఒకావిడది. తోటివాళ్లు టీ తెప్పించి పిలుస్తుంటే, వస్తున్నానంటూ కమ్మీల మధ్య ఆ బండావిడను నడిపిస్తూ ఉండిపోయింది. నాలుగు అడుగులు వేయించి, కూర్చోబెట్టి, చీలమండ దగ్గర మర బిగించి మళ్లీ లేపింది. పాదం ఇంకా కొంచెం బయటికి తిరుగుతోంది. "పాదం ఎలా పడుతోంది చెప్పండి" అని అడగబోయింది. మొదటి మాట దగ్గరే ఆగింది. బండావిడ కమ్మీ పట్టుకుని నిలబడి, తొందరేమీ లేనట్టు చూస్తూ ఉంది.

మాట వచ్చింది. "కొంచెం ఎడమకు లాగుతోందమ్మా" అంది ఆవిడ. పొదుపక్క మళ్లీ మర బిగించే పానా అందుకుని కింద కూర్చుంది. బయట టీ చల్లారిపోతోందని ఎవరో కేకేశారు.